ఐదా... ఏడా? ముద్ద ముట్టే నెల ఏది?

మా ఫొటోగ్రాఫర్ సెలవు అడగడం అరుదు. అలాంటిది 2024 మే నెలలో ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ‘‘అక్కా, మా చెల్లె బిడ్డకు అన్నప్రాశన. మేనమామను నేనే. పోవాలె’’ అన్నాడు. ఎప్పుడంటే తల గోక్కున్నాడు. ‘‘అదే తెల్వదు. ఇంట్ల లొల్లి నడుస్తోంది’’ అన్నాడు.

ఆ లొల్లి ఏమిటో తెలుసుకుందామనే ఖిలా వరంగల్ వెళ్లాను. వరంగల్ ఊళ్లోంచి ఆటో మట్టికోట దాటి, రాతికోట దర్వాజాలో ఓ మెలిక తిరిగి లోపలికి వస్తే కాకతీయుల కీర్తితోరణాలు కనిపిస్తాయి. పర్యాటకులు అక్కడ ఆగిపోతారు. మనం ఇంకాస్త ముందుకెళ్లాలి. మధ్యకోటలో ఇళ్లున్నాయి, చేలున్నాయి, అరుగుల మీద ముచ్చట్లున్నాయి. ఏడెనిమిది వందల ఏళ్ల గోడల మధ్య జనం మామూలుగా బతికే ఊరిది. మావాడి అమ్మగారిల్లు అక్కడే. పుట్టింటికొచ్చిన చెల్లెలు, ఒళ్లో నాలుగు నెలల పాప.

గొడవంతా లెక్క దగ్గర వచ్చింది.

‘‘ఆడపిల్లకు బేసి నెల, మొగపిల్లగానికి సరి నెల. గిది మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది. ఐదో నెల పడ్డది. ఇప్పుడే ముట్టియ్యాలె’’ అని అమ్మమ్మ. అంగన్‌వాడీ టీచరేమో ‘‘ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. చుక్క నీళ్లు గూడ వద్దు’’ అని గట్టిగా చెప్పి వెళ్లింది. మధ్యలో పాప తల్లి. ఒకరు పెంచిన అమ్మ, ఇంకొకరు నెలనెలా బిడ్డను తూకం వేసే మనిషి. ఎవరి మాట కాదంటుంది?

అమ్మమ్మ చెప్పింది ఆమె సొంత కవిత్వమేం కాదు. ముహూర్త గ్రంథాల్లో ఉన్న మాటే. మగపిల్లలకు ఆరు, ఎనిమిది, పది... ఆడపిల్లలకు ఐదు, ఏడు, తొమ్మిది... అని. చిక్కల్లా ‘ఐదో నెల’ అనే మాటలో ఉంది. ఐదో నెల అంటే ఐదు నెలలు నిండాయని కాదు. నాలుగు నిండి ఐదోది నడుస్తోందని. మావాడి మేనకోడలు జనవరి 10న పుట్టింది. మే 10కి నాలుగు నిండాయి. అంటే మే 10 నుంచి జూన్ 9 వరకు ఐదో నెల. జూన్ 10 నుంచి ఆరోది. జులై 10కి ఆరు నిండి ఏడోది మొదలు. పంచాంగం పట్టుకునే అయ్యగార్లు తిథుల ప్రకారం లెక్కేస్తే రెండు మూడు రోజులు అటూఇటూ అవుతాయంతే.

అలా చూస్తే ఐదో నెల మొదట్లోనే ముద్ద పెట్టడమంటే నాలుగు నెలల పసిగుడ్డుకు పెట్టినట్టు. ఆ వయసు బిడ్డకు మెడ అప్పుడప్పుడే నిలుస్తుంటుంది. నోట్లో చెంచా పెడితే నాలుక తనంతట తానే బయటికి నెట్టేస్తుంది. అది వద్దనడం కాదు, గట్టి పదార్థం గొంతులోకి జారకుండా ప్రకృతి పెట్టిన తలుపు. ఆరు నెలలు దగ్గరపడేకొద్దీ ఆ తలుపు తెరుచుకుంటుంది. పైగా బయటి తిండి, బయటి నీళ్లు ఎంత తొందరగా మొదలైతే విరేచనాల భయం అంత ఎక్కువ. కడుపులో జావ పడితే పాప తల్లిపాలు ఆ మేరకు తగ్గిస్తుంది. తాగడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. అందుకే మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి చెబుతోంది. అంతకుముందు ఆ సంస్థే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనేది. మన అమ్మమ్మలకు ఆసుపత్రిలో నాలుగో నెల అని చెప్పి ఉంటే ఆశ్చర్యం లేదు, అప్పటి మాట అదే.

మరి ఈ ఇంట్లో దారేది? దారి చూపించింది అమ్మమ్మ సూత్రమే! బేసి నెలల్లో ఐదు తర్వాత ఏడు ఉంది కదా. ఏడో నెల సరిగ్గా ఆరు నిండిన మర్నాడే మొదలవుతుంది. డాక్టర్ల లెక్క, శాస్త్రం లెక్క రెండూ అక్కడ కలుస్తాయి. ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ గొడవ నిజానికి గొడవే కాదు. మగపిల్లవాడి విషయంలోనే కాస్త ఇరుకు. ఆరో నెలంటే ఇంకా నిండలేదు. ఎనిమిదో నెలంటే ఏడు నిండాలి, మరీ ఆలస్యం. చాలా ఇళ్లలో ‘ఆరు నిండాక’ అనే అర్థం చెప్పుకుని ఆ వారంలోనే కానిచ్చేస్తారు. లేదా ఆరో నెల చివరి రోజుల్లో ముహూర్తం పెట్టించి నాలుకకు అద్ది ఊరుకుంటారు, అసలు తిండి నిండాకే మొదలెడతారు. నాకు ఈ రెండోది తెలివైన పని అనిపిస్తుంది.

సరే, ఏడో నెల అని అందరూ ఒప్పుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపు పంచాంగం తెరిచారు.

మూఢం... ఆషాఢం

2024 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి శుక్ర మూఢం, మధ్యలో గురు మూఢం కూడా తోడైంది. దాని వెనకే ఆషాఢం. ఫంక్షన్‌ హాళ్లు, బ్యాండు మేళాల వాళ్లు ఈగలు తోలుకున్నారు. శ్రావణం ఆగస్టు 5న గానీ రాలేదు. మన పాపకు ఏడో నెల జులై 10న మొదలై ఆగస్టు 9తో అయిపోతుంది. అంటే చేతిలో మిగిలింది అయిదే రోజులు! 5న పాడ్యమి, ఆశ్లేష నక్షత్రం. 8న చవితి. అన్నప్రాశనకు చవితి, నవమి, చతుర్దశి, అమావాస్య పనికిరావంటారు. వెతగ్గా వెతగ్గా 9వ తేదీ నిలిచింది. శ్రావణ శుద్ధ పంచమి, శుక్రవారం, హస్త. నాగుల పంచమి కూడా అదే రోజు. తిథి బాగుంది, వారం బాగుంది, నక్షత్రం బాగుంది. ఇంకేం కావాలి?

కావలసింది ఒకటే... అప్పటిదాకా పాప ఆకలి సంగతేమిటి? జులై 8కే 180 రోజులు నిండాయి. ముహూర్తం ఆగస్టు 9. మధ్యలో 32 రోజులు.

నెల రోజులే కదా అనిపిస్తుంది. కానీ ఈ నెల మామూలు నెల కాదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరు నెలలకు కరిగిపోతూ ఉంటుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. అది ఇక తిండిలోంచే రావాలి. పాలతో కడుపు నిండినట్టే ఉంటుంది, పాప నవ్వుతూనే ఉంటుంది, అయినా బరువు పెరిగే గీత చిన్నగా వంగడం మొదలవుతుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. అంగన్‌వాడీలో తూకం వేసి కార్డు మీద చుక్క పెట్టినప్పుడే కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతోపాటు గట్టి, మెత్తటి ఆహారం అందుతున్నది నూటికి 46 మందికే. సగానికి పైగా పిల్లలకు ఆ వయసులో ముద్దే లేదు! కారణాలు చాలా ఉంటాయి. ముహూర్తం కోసం ఆగడం ఒక్కటే కాదు. కానీ అదీ ఒకటి.

పాప తల్లి ఇదే మాట అంటే అమ్మమ్మ నొచ్చుకుంది. ‘‘అన్నం ముట్టియ్యకముందు అన్నమెట్ల పెడ్తవు బిడ్డా? అరిష్టం గాదా?’’ అంది. అప్పుడు పరిష్కారం చెప్పింది ఎవరనుకున్నారు? పాప నాయనమ్మ. నర్సంపేట నుంచి మనవరాలిని చూడ్డానికొచ్చిందామె. అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతూ ‘‘అన్నం వద్దన్నరు గానీ అరటిపండు వద్దన్నరా వదినా? పెసరపప్పు వద్దన్నరా?’’ అంది.

నిజమే కదా! అన్నప్రాశన అంటే అన్నం తినిపించడం. నియమం వరి అన్నానికే. పాత ఇళ్లలో పిల్లలకు ముహూర్తానికి ముందే పండు గుజ్జు, పప్పు ముద్ద నాకించడం ఉన్నదే. ఆ ఇంట్లో జులై 10 నుంచి అదే చేశారు. మొదట అరటిపండు మెదిపి రెండు చెంచాలు. మూడు రోజులు అదే. దద్దుర్లు, వాంతులు, విరేచనాలు ఏమీ లేవని చూసుకుని పెసరపప్పు. ఇంకో మూడు రోజులయ్యాక ఉడికించిన ఆలుగడ్డ, తర్వాత క్యారెట్, తర్వాత పప్పులో ఉడికిన పాలకూర. ఒక్కోటి విడిగా మొదలెడితే ఏది పడలేదో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి కలిపితే తప్పు ఎవరిదో తేలదు. వరి మాత్రం ముట్టలేదు. అమ్మమ్మ మాటా నిలిచింది, పాప కడుపూ నిండింది.

ఇదంతా చెబితే ఒక పురోహితుడు నవ్వారు. ‘‘ఇంత కష్టపడక్కర్లేదమ్మా. పెళ్లి, గృహప్రవేశం అయితే ఆగొచ్చు. ఫలానా నెలలో చేయాలని ఉన్న సంస్కారానికి మూఢం అడ్డురాదు. నామకరణం మూఢమని ఆపుతున్నామా?’’ అన్నారు. మీ ఇంట్లో ఇలాంటి చిక్కొస్తే ముందు మీ అయ్యగారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి. చాలాసార్లు అడ్డుపడేది శాస్త్రం కాదు, మన భయమే.

పంచమి నాటి పొద్దు

ఆగస్టు 9 ఉదయం. పాపకు నువ్వులనూనె రాసి, సున్నిపిండితో నలిచి, తలంటి పోశారు. మేనమామ తెచ్చిన పట్టు లంగా కట్టారు. అది పాపకంటే బరువుగా ఉందనిపించింది నాకు. కొత్తబట్టలు, వెండిగిన్నె, వెండి చెంచా మేనమామ తేవడం ఆనవాయితీ. వెండిగిన్నె కొట్లోంచి వచ్చినట్టే పెట్టెలోంచి తీసి పాయసం పోసేయబోతుంటే నాయనమ్మ ఆపింది. దుకాణంలో ఎన్ని చేతులు మారిందో, ఏ పాలిష్‌ రాశారో! కడిగి, మరిగే నీళ్లలో వేసి తీశారు. ఉంగరానికీ అదే మర్యాద. రాళ్లు లేని చుట్టుంగరం ఎంచుకున్నారు. రాయి వదులైతే ఊడి పాప గొంతులో పడొచ్చు. చూడ్డానికి చిన్న సంగతి, జరిగితే చిన్నది కాదు.

తూర్పు ముఖంగా పీట, దాని మీద కొత్త తువ్వాలు. అమ్మానాన్నల మధ్య పాప. పసుపు గణపతికి పూజ, దీపం, పక్కన బియ్యం పోసిన పళ్లెం. పరమాన్నం ముందు దేవుడికి నైవేద్యం పెట్టారు. తర్వాత తండ్రి ఉంగరాన్ని పాయసంలో ముంచి మూడుసార్లు నాలుకకు అద్దాడు. ఆ తర్వాత తల్లి. కొన్ని ఇళ్లలో మేనమామే ముందు. ఈ ఇంట్లో అమ్మానాన్నల తర్వాత మేనమామ. ఇదే పద్ధతి, ఇది కాదు అనడానికి లేదు. ఇంటింటికీ ఓ వరస. కొందరు గుడిలో చేయించుకుంటారు. భద్రకాళి అమ్మవారి దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు, బాసరదాకా వెళ్లేవాళ్లున్నారు. గుడిలో అయితే అర్చకులు సంకల్పం చెప్పి, అమ్మవారి ప్రసాదాన్నే ముట్టిస్తారు. జనం రద్దీలో పాప బెంబేలెత్తి నోరు విప్పకపోవడం అక్కడ మామూలే. అంగన్‌వాడీల్లోనూ ఆరు నెలలు నిండిన పిల్లలందరికీ ఒకేరోజు అన్నప్రాశన చేస్తున్నారు. అక్కడ ముహూర్తం లేదు, టీచరే పురోహితురాలు.

మా ఫొటోగ్రాఫర్ పరిస్థితి చూడాలి. జీవితమంతా ఎదుటివాళ్ల వేడుకలు తీసినవాడు, సొంత మేనకోడలి వేడుకలో చెంచా పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. కెమెరా నా చేతికిచ్చాడు. తలలు కోసేసిన ఫొటోలు ఎన్ని తీశానో మళ్లీ చెప్పను.

పీట ముందు పుస్తకం, కలం, డబ్బులు, బంగారం, పూలు, గుప్పెడు మన్ను పెట్టారు. ఏది పట్టుకుంటే ఆ బతుకుదెరువని నమ్మకం. ఏడో నెల పాప ఇంకా పాకదు కదా, తండ్రే ముందుకు వంచాడు. అది ఇవన్నీ వదిలేసి పళ్లెం అంచు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ‘‘హోటల్‌ పెడ్తది’’ అన్నాడు మేనమామ.

ఇక్కడే ఓ జాగ్రత్త. ఇంటి నిండా చుట్టాలు. మేనత్తలు, పెద్దమ్మలు, పక్కింటివాళ్లు... తలా ఒక చెంచా పెడతామంటారు. ఇరవై మంది ఇరవై చెంచాలు పెడితే ఆ చిన్న పొట్ట ఏమవుతుంది? సాయంత్రానికి వాంతి, రాత్రంతా ఏడుపు, ‘దిష్టి తగిలింది’ అని ఉప్పు తిప్పడం. ఈ ఇంట్లో ముందే చెప్పారు. అమ్మ, నాన్న, మేనమామ, ఇద్దరు పెద్దవాళ్లు... అయిదుగురే తినిపిస్తారు, చేతులు కడుక్కుని, తలా సగం చెంచా. మిగిలినవాళ్లు అక్షింతలు వేసి దీవిస్తారు. ఎవరూ అలగలేదు. ఒకరు అలిగారు గానీ భోజనంలో పులిహోర చూసి మరిచిపోయారు.

రెండు గిన్నెల పరమాన్నం

వంటింట్లో నాకు నచ్చింది ఇది. పరమాన్నం రెండు గిన్నెల్లో చేశారు. చుట్టాలది పెద్ద గిన్నె. ఒక గ్లాసు బియ్యానికి గుప్పెడు పెసరపప్పు, రెండు గ్లాసుల నీళ్లు, మూడు గ్లాసుల పాలు. మెత్తగా ఉడికాక పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక ముప్పావు గ్లాసు బెల్లం. పొయ్యి మీద మరుగుతుండగా బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. పైన నేతిలో వేగిన జీడిపప్పు, కిస్మిస్.

పాపది చిన్న గిన్నె. అందులో జీడిపప్పు పడకూడదు. పళ్లు రాని నోట్లో జీడిపప్పు బద్ద, కిస్మిస్, వేరుశనగ గింజ గొంతుకు అడ్డం పడతాయి. గుప్పెడు పాతబియ్యం, చెంచాడు వేయించిన పెసరపప్పు కడిగి, అయిదింతల నీళ్లు పోసి కుక్కర్లో అయిదారు కూతలు రానిచ్చారు. పప్పుగుత్తితో మెదిపి, కాస్త కాచిన పాలు, అరచెంచా నెయ్యి. ఉప్పు లేదు. బెల్లం పేరుకు ఒక చిటికెడు, అదీ ఈ ఒక్కరోజుకే, నైవేద్యం కాబట్టి. రెండేళ్లు వచ్చేదాకా పిల్లల తిండిలో చక్కెర, బెల్లం కలపకపోతేనే మంచిదని ఇప్పుడు వైద్యుల మాట. తీపికి అలవాటుపడిన నాలుక మర్నాడు పప్పన్నం పెడితే మూతి తిప్పుతుంది.

ముద్ద ఎంత చిక్కగా ఉండాలి? చెంచా వంచితే జారిపోకూడదు. అంతే కొలత. మనవాళ్లు అరగదేమోనన్న భయంతో పప్పు మీద తేట, గంజి, పల్చటి జావ పోస్తారు. కడుపు నిండుతుంది, నీళ్లతో. బలం ఉండదు.

ఇక తేనె. పూజ సామాన్ల చీటీలో తేనె ఉంది. ఆవుపెరుగు, తేనె, నెయ్యి కలిపి నాకించడం పాత పద్ధతే, ఆశ్వలాయన గృహ్యసూత్రంలోనే ఉంది. అదే సూత్రంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆరో నెలలో అన్నప్రాశన అని చెప్పి, పుష్టి కోరేవారు మేకమాంసం, బ్రహ్మవర్చస్సు కోరేవారు తిత్తిరిపిట్ట మాంసం, తేజస్సు కోరేవారు నేతి అన్నం పెట్టాలంటుంది. పారస్కర గృహ్యసూత్రంలో చేప కూడా ఉంది. ఈ సంగతి చెబితే అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. మేకమాంసం మనం ఎప్పుడో వదిలేశాం, నేతి అన్నం ఉంచుకున్నాం. ఆచారమంటే అదే. తరతరానికీ కొన్ని వదిలేసి కొన్ని ఉంచుకుంటూ వచ్చింది. కాబట్టి తేనెను కూడా వదిలేయడానికి సందేహించనక్కర్లేదు.

ఎందుకంటే, తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు. ఏడాదిలోపు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడుతుంది, పాలు లాగలేదు, మెడ వాలిపోతుంది. అరుదైన జబ్బే. కానీ వస్తే ఐసీయూయే దిక్కు. వేడి చేసినా ఆ బీజాలు చావవు, అసలైన అడవితేనె అయినా తేడా లేదు. మా అబ్బాయి అన్నప్రాశనలో మేం తేనె నాకించాం. ఏమీ కాలేదు. అది మా తెలివి కాదు, అదృష్టం. ఆ రోజు ఖిలా వరంగల్‌లో తేనె సీసాను దేవుడి ముందే ఉంచి, ఉంగరానికి నెయ్యి మాత్రం అద్దారు.

మర్నాటి ముద్ద

ఫొటోలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు. చాలా ఇళ్లలో అన్నప్రాశన అక్కడితో ముగిసిపోతుంది. వెండిగిన్నె బీరువాలోకి వెళ్తుంది. పాపకు మళ్లీ పాలు, మధ్యలో టీలో ముంచిన బిస్కెట్. అన్నం పెడితే ఉమ్మేసింది, ‘దానికింకా అన్నం పడట్లేదు’ అని పదిరోజులు మానేస్తారు.

ఉమ్మడం వద్దనడం కాదు. కొత్త రుచి, కొత్త ముద్ద. ఒకే పదార్థాన్ని ఎనిమిది పదిసార్లు చూశాకగానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు. ముఖం పక్కకు తిప్పేసుకుంటే ఆ పూటకు చాలు, రేపు మళ్లీ. బలవంతంగా కుక్కితే చెంచా చూస్తేనే ఏడుస్తారు. తినేటప్పుడు కూర్చోబెట్టాలి, పడుకోబెట్టి పోయకూడదు. ముద్ద గొంతుకు తగిలి దగ్గితే, ముఖం ఎర్రబడి శబ్దం చేస్తుంటే కంగారుపడి వేలు పెట్టొద్దు, తనే బయటికి తెచ్చుకుంటుంది. శబ్దమే రాక, పెదాలు నీలంగా మారితే అది పొలమారడం కాదు, అడ్డం పడటం. వెంటనే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా వేసుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచాలి. ఇంకొకరు ఆంబులెన్సుకు ఫోన్ చేయాలి.

తొలి రోజుల్లో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకు రెండుసార్లు. ఎనిమిది నెలలు నిండేసరికి పూటకు అరగిన్నె, రోజుకు మూడుసార్లు. పాలు మానకూడదు. వట్టి అన్నంలో ఇనుము ఉండదు కాబట్టి పప్పు, ఆకుకూర, మాంసం తినే ఇళ్లలో బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా నూరిన మేక కార్జం ముద్దలో కలవాలి. బొక్కల చారు తాగించి ‘మటన్ పెట్టినం’ అనుకోవద్దు, బలం ముక్కలోనే ఉంటుంది. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. అది పాప వాటా. టీ వేళకు ఇంటిల్లిపాదీ తినేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. పీట మీద పాప నోరు తెరుస్తుందా, ఏడుస్తుందా అని అందరూ ఊపిరి బిగబట్టారు. మేనమామ చెంచా ఇంకా సగం దూరంలో ఉండగానే అది నోరు బార్లా తెరిచి ముందుకు వంగింది. నెల రోజులుగా అరటిపండు, పప్పు తిని ఆరితేరింది మరి! ‘‘చూసిండ్రా, ముహూర్త బలం!’’ అంది అమ్మమ్మ మురిసిపోతూ. నాయనమ్మ నా వంక చూసి ఒక కన్ను మూసి, వక్కల సంచి తీసింది.